యూనిట్ – 7: లఘుచిత్రంలో టైటిళ్ల రూపకల్పన – కథాస్వరం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 విషయ పరిచయం
7.2 టైటిళ్లు ప్రేక్షకుడికి ఏం చెబుతాయి?
7.3 ఒక ఉదాహరణ: ‘రెండో తాళం’
7.4 తొలి పాఠ్యం రాయడం
7.5 తెరమీద తెలుగు అక్షరం
7.6 టైటిళ్లను పరీక్షించి చూడటం
7.7 సారాంశం
7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి – మాదిరి జవాబులు
7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఒక కథకు తగిన స్వరాన్ని ఒక వాక్యంలో రాసుకొని, దాని ఆధారంగా టైటిళ్లలోని బొమ్మ, శబ్దం, అక్షరం ఎంచుకోగలుగుతారు.
• టైటిళ్లకు సెకన్లవారీ కాలపట్టిక తయారుచేయగలుగుతారు.
• చిత్రారంభంలో వచ్చే పాఠ్యాన్ని క్లుప్తంగా రాయగలుగుతారు.
• తెలుగు అక్షరాలు తెరమీద చెడిపోయే సందర్భాలను గుర్తించి సరిదిద్దగలుగుతారు.

7.1 విషయ పరిచయం

సినిమాహాలుకు ఆలస్యంగా చేరినవాళ్లు గేటు దగ్గర “పేర్లు పడ్డాయా?” అని అడగటం ఒకప్పుడు మామూలు. పేర్లు పడుతున్నంతసేపూ కథ మొదలుకానట్టే లెక్క. రెండున్నర గంటల సినిమాకు ఆ లెక్క సరిపోవచ్చు. పన్నెండు నిమిషాల లఘుచిత్రానికి సరిపోదు. అక్కడ పేర్లు పడే నలభై సెకన్లు కూడా కథలో భాగమే. ఆ కొద్దిసేపట్లోనే ప్రేక్షకుడు ఈ చిత్రాన్ని ఎలా చూడాలో నిర్ణయించుకుంటాడు. నవ్వడానికి సిద్ధపడాలా, భయపడటానికా, ఓపికగా గమనించడానికా అన్నది అతని మనసులో అప్పుడే స్థిరపడుతుంది. ఈ సిద్ధపాటును కలిగించే గుణాన్ని మనం ఈ యూనిట్‌లో ‘కథాస్వరం’ అందాం.

స్వరం తప్పితే ఏమవుతుందో నేను ఒక విద్యార్థి చిత్ర ప్రదర్శనలో చూశాను. పరదేశంలో ఉన్న కొడుకు కోసం ఎదురుచూసే తల్లి కథ అది. నటన బాగుంది, మాటలు బాగున్నాయి. అయితే టైటిల్ అక్షరాలు ఎర్రగా, కిందికి కారుతున్నట్టు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దొరికిన నమూనా అది. వెనక ఉరుము శబ్దం కూడా పెట్టారు. హాల్లో ఉన్నవాళ్లు నాలుగు నిమిషాలపాటు దెయ్యం కోసం ఎదురుచూశారు. తల్లి బీరువా తెరిచి కొడుకు చిన్ననాటి చొక్కా బయటకు తీసిన చోట వెనక వరసల్లో నవ్వులు వినిపించాయి. ఆ సన్నివేశంలో ఏ తప్పూ లేదు. తప్పు మూడు నిమిషాల ముందే, అక్షరాల్లో జరిగిపోయింది.

7.2 టైటిళ్లు ప్రేక్షకుడికి ఏం చెబుతాయి?

1955లో విడుదలైన రెండు చిత్రాలను పోల్చి చూద్దాం. మొదటిది అమెరికాలో ఆటో ప్రెమింజర్ తీసిన ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్’. మాదకద్రవ్యానికి బానిసైన మనిషి కథ అది. దాని టైటిళ్లను సాల్ బాస్ రూపొందించాడు. నల్లని తెరమీద తెల్లని పట్టీలు ఒక్కొక్కటిగా వస్తాయి, కదులుతాయి, పేర్లకు చోటిస్తాయి. చివరికి అవన్నీ కలిసి వంకరపోయిన ఒక చేయిగా మారతాయి. ఎల్మర్ బెర్న్‌స్టీన్ జాజ్ సంగీతం వాటితో పాటే నడుస్తుంది. సూది, రోగి, పోలీసు ఏవీ కనిపించవు. ఒక శరీరం తన ఆధీనంలో తాను లేదన్న ఇబ్బంది మాత్రం ప్రేక్షకుడికి పట్టుకుంటుంది.

రెండోది సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’. రాయ్ దర్శకుడు కాకముందు ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. ఈ నవలకు వచ్చిన పిల్లల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేసింది కూడా ఆయనే. చిత్రంలో పేర్లు గరుకు కాగితంమీద చేతితో రాసిన బెంగాలీ అక్షరాల్లో వస్తాయి. వెనక రవిశంకర్ సంగీతం. ఒక పాత కాగితాన్ని నిదానంగా చదువుతున్నట్టు ఉంటుంది. పల్లెటూరి పేద కుటుంబాన్ని తొందరపడకుండా చూడాలని ఆ కాగితమే మనకు చెబుతుంది.

ఈ రెండింటిలోనూ టైటిళ్లు కథను చెప్పవు. కథ ఏ తీరున సాగుతుందో చెబుతాయి. ఒకదాని టైటిళ్లను మరొకదానికి అతికించి ఊహించండి. పట్టీలు కదిలే టైటిళ్ల తరవాత రాయ్ చూపే ఊరు వస్తే, ఆ ఊళ్లో ఏదో నేరం జరగబోతోందని ప్రేక్షకుడు అనుకుంటాడు. చిత్రంలో ఒక్క దృశ్యం మారకుండానే చిత్రం మారిపోతుంది.

7.3 ఒక ఉదాహరణ: ‘రెండో తాళం’

పాఠం కోసం ఒక చిన్న కథను తీసుకుందాం. చిత్రం నిడివి పన్నెండు నిమిషాలు. ఒక చిన్న ఊళ్లో ఇంటి పెద్ద చనిపోయాడు. పెద్దకర్మ అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున తల్లి వాకిలి ఊడ్చి, నీళ్ల కోసం వీధి చివరి కుళాయికి వెళ్తుంది. తిరిగి వచ్చేసరికి తలుపుకు రెండు తాళాలు ఉన్నాయి. కింది గొళ్ళేనికి పెద్దకొడుకు వేశాడు. పై గొళ్ళేనికి చిన్నకొడుకు వేశాడు. పెట్టెలో ఉన్న పొలం కాగితాల విషయంలో ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదు. తల్లి దగ్గర రెండు తాళంచెవుల్లో ఒక్కటీ లేదు. సాయంత్రం దాకా ఆమె అరుగుమీద కూర్చుంటుంది. చివరికి ఇద్దరూ వచ్చి తలుపు తీస్తారు. ఆమె లోపలికి వెళ్లదు.

7.3.1 స్వరాన్ని ఒక వాక్యంలో రాసుకోవడం

టైటిళ్ల పని అక్షరాలతో మొదలుపెట్టకూడదు. ముందు ఒక కాగితంమీద ఒక వాక్యం రాసుకోవాలి. ‘ఇది కుటుంబ విలువల గురించిన హృద్యమైన చిత్రం’ అని రాసుకుంటే దానితో ఏ పనీ జరగదు. అందులో చూపించడానికీ వినిపించడానికీ ఏమీ లేదు. ‘ఎవరూ అరవని ఇంట్లో, తాళం పడిన చప్పుడే పెద్ద మాట’ అని రాసుకుందాం. ఈ వాక్యం మనకు మూడు నిర్ణయాలు ఇస్తుంది. ఎవరూ అరవరు గనక సంగీతం గట్టిగా ఉండకూడదు. తాళం చప్పుడే పెద్ద మాట గనక అది స్పష్టంగా వినిపించాలి, అంటే దాని చుట్టూ నిశ్శబ్దం కావాలి. ఇల్లు అన్నాం గనక మనుషుల ముఖాలకంటే తలుపు ముందు కనిపించాలి.

7.3.2 బొమ్మ, శబ్దం

కెమెరాను తలుపు ఎదురుగా కదలకుండా నిలుపుదాం. ఖర్చు తక్కువ కావటం ఒక సౌకర్యమే. అసలు కారణం వేరు. కదలని కెమెరా ముందు కదిలే ఒక్క చిన్న వస్తువైనా పెద్దదిగా కనిపిస్తుంది. తాళం వేసే చేతులు నీడగా మాత్రమే కనిపించాలి. అవి ఎవరివో ఇక్కడే తెలిసిపోతే, తల్లితోపాటు ప్రేక్షకుడు ఆ సంగతి తెలుసుకునే అవకాశం పోతుంది. టైటిళ్లు ప్రశ్నను వేయాలి, జవాబును కథకు వదలాలి.

శబ్దాల వరస ఇది. నిన్నటి విస్తరాకులమీద చీపురు చప్పుడు, బిందె ఎత్తిన చప్పుడు, దూరమయ్యే అడుగులు, నిశ్శబ్దం, మొదటి తాళం, నిశ్శబ్దం, రెండో తాళం. ఇలాంటి కథకు వయొలిన్‌మీద విషాద రాగం పెట్టాలని చాలామందికి తోస్తుంది. అలా పెడితే ఏడవాలని ముందే చెప్పినట్టవుతుంది. పైగా తాళం చప్పుడు రాగంలో కలిసిపోతుంది. అందువల్ల ఇక్కడ సంగీతం వద్దు.

7.3.3 అక్షరాలు, వాటి చోటు

మొదటి తాళం కింది గొళ్ళేనికి పడుతుంది. ఆ చప్పుడుతోనే తాళం పక్కన ‘తాళం’ అన్న ఒక్క మాట కనిపించాలి. అది అలాగే నిలిచి ఉంటుంది. ప్రేక్షకుడు చిత్రం పేరు ‘తాళం’ అనుకుంటాడు. అయిదు సెకన్ల తరవాత పై గొళ్ళేనికి మరొకటి పడుతుంది. అప్పుడు ‘తాళం’ మీది వరసలో ‘రెండో’ అన్న మాట వస్తుంది. పేరు పూర్తయిన క్షణమే గొడవ కూడా మొదలైంది. తెలుగులో విశేషణం ముందు వస్తుంది గనక పైవరసలో చేరిన మాట సహజంగానే ముందు చదువుకోబడుతుంది.

అక్షరాల తీరు సాదాగా, మధ్యరకం మందంతో ఉండాలి. పోస్టర్లకు వాడే లావు గుండ్రటి అక్షరాలు హాస్యాన్ని సూచిస్తాయి. బాపు చేతిరాత ఆధారంగా వచ్చిన ఫాంటు ఎంతో అందమైనది, కాని తెలుగువాళ్లకు దాన్ని చూడగానే కార్టూను, పెళ్లిపత్రిక, చిరునవ్వు గుర్తుకొస్తాయి. ఈ కథకు ఆ జ్ఞాపకం అడ్డం. అక్షరం ఇక్కడ తలుపుమీద చెక్కిన బొమ్మలా ఉండనక్కరలేదు, చప్పుడుకు తోడుగా ఉంటే చాలు. అది కరిగినట్టు నెమ్మదిగా రాకూడదు. తాళం పడినట్టు ఒక్కసారిగా రావాలి. మిగతా పేర్లు మాత్రం అర సెకనులో మెల్లగా తేలి, అలాగే మాయం కావచ్చు. సెకనుకు 25 ఫ్రేములు ఉంటే అర సెకను సుమారు 12 ఫ్రేములు.

7.3.4 కాలపట్టిక

ఒక కార్డును ఎంతసేపు ఉంచాలి? దానిమీది మాటలను మామూలు వేగంతో, లోలోపల రెండుసార్లు చదివి చూడండి. అంత సేపు ఉంచితే చాలు. మీరు రాసిన పేర్లు మీకు ముందే తెలుసు గనక ఒక్కసారి చదివిన కాలం ప్రేక్షకుడికి చాలదు. ఈ లెక్కన మన పట్టిక ఇలా వస్తుంది.

| సెకన్లు | తెరమీద | శబ్దం |
|---|---|---|
| 0–4 | చీకటి, అక్షరాలు లేవు | విస్తరాకులమీద చీపురు |
| 4–8 | ఓరగా ఉన్న తలుపు. నిర్మాణ సంస్థ పేరు | బిందె, దూరమయ్యే అడుగులు |
| 8–13 | అదే తలుపు. ముగ్గురు నటుల పేర్లు | నిశ్శబ్దం, ఒక కాకి |
| 13–16 | తలుపు మూసుకుంటుంది. అక్షరాలు లేవు | తలుపు కిర్రుమనడం |
| 16–21 | కింది తాళం. ‘తాళం’ | తాళం చప్పుడు, నిశ్శబ్దం |
| 21–26 | పై తాళం. ‘రెండో తాళం’ | రెండో చప్పుడు, నిశ్శబ్దం |
| 26–32 | మూసిన తలుపు. ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దగ్రహణం | వీధి చప్పుళ్లు దూరంగా |
| 32–36 | అదే తలుపు. కథ, మాటలు, దర్శకత్వం | అవే |
| 36–40 | చీకటి. తొలి పాఠ్యం | దగ్గరయ్యే అడుగులు |

పన్నెండు నిమిషాలంటే 720 సెకన్లు. అందులో 40 సెకన్లు పద్దెనిమిదో వంతు. తలుపు, చీపురు, తాళాలు కథలోని సమాచారమే గనక ఈ వంతు ఎక్కువ కాదు. కేవలం పేర్లే చూపించే టైటిళ్లయితే పదిహేను సెకన్లు దాటకుండా చూసుకోవాలి.

దర్శకుడి పేరు చివర రావటం వాడుక. అదే మనిషి కథ, మాటలు కూడా రాసి ఉంటే ఆ పేరును మూడు కార్డుల్లో వేయకూడదు. మూడు బాధ్యతలను ఒకే కార్డులో పేర్కొని పేరు ఒక్కసారే రాయాలి. అలంకరణ, సహాయకులు, కృతజ్ఞతలు చిత్రం చివరికి వెళ్లాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: (అ) మీ జవాబును విడిగా ఒక కాగితంమీద రాయండి. (ఆ) యూనిట్ చివర ఇచ్చిన జవాబుతో సరిచూసుకోండి.
‘రెండో తాళం’ టైటిళ్లలో తాళం వేసే మనుషుల ముఖాలు ఎందుకు చూపలేదు?

7.4 తొలి పాఠ్యం రాయడం

చిత్రం మొదట్లో కనిపించే ఒకటి రెండు పంక్తులను తొలి పాఠ్యం అంటాం. కాలం, చోటు, జరిగిపోయిన సంగతి చెప్పడానికి దీన్ని వాడతారు. మన చిత్రానికి ఒక విద్యార్థి మొదట ఇలా రాశాడనుకుందాం.

‘ఆస్తి మనుషులను విడదీస్తుంది. తండ్రి మరణించిన తరవాత ఇద్దరు అన్నదమ్ముల మధ్య జరిగిన ఘర్షణలో నలిగిపోయిన ఒక తల్లి కథ ఇది.’

ఇందులో నీతి ఉంది, కథ ఉంది, తీర్పు కూడా ఉంది. ఇక చిత్రం చూడవలసిన పని ఏముంది? రెండోసారి అతనే ఇలా మార్చాడు.

‘ఒక తండ్రి కన్నుమూశాడు. ఒక తల్లి మూగబోయింది. ఒక ఇల్లు రెండుగా చీలింది.’

ఇది క్లుప్తంగా ఉంది కాని బరువు ఎక్కువ. మన వాక్యంలో ‘ఎవరూ అరవని ఇల్లు’ అని రాసుకున్నాం. ఈ పంక్తులు మాత్రం ప్రేక్షకుడి భుజంపట్టి కుదుపుతున్నాయి. మూడోసారి రాసింది ఇది.

‘పెద్దకర్మ మర్నాడు.’

రెండు మాటలే. తెలుగు ప్రేక్షకుడు వాటినుంచి చాలా గ్రహిస్తాడు. ఇంట్లో ఎవరో పోయారు. వచ్చిన చుట్టాలు నిన్నటిదాకా ఉన్నారు. ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉంది, లెక్కలు మాట్లాడుకునే సమయం వచ్చింది. మొదట్లో వినిపించిన విస్తరాకుల చప్పుడుకు అర్థం కూడా ఇప్పుడే తెలుస్తుంది. అందుకే ఈ పాఠ్యాన్ని టైటిళ్లకు ముందు కాక వాటి తరవాత ఉంచాం. ముందే వేస్తే చీపురు చప్పుడు వట్టి నేపథ్యంగా మిగిలిపోతుంది.

ఈ పాఠ్యానికి ఒక పరిమితి ఉంది. పెద్దకర్మ అన్న మాట తెలియని ప్రేక్షకులకు అది పనిచేయదు. మరో భాషలో ఉపశీర్షిక వేసేటప్పుడు మాటకు మాట పెట్టకుండా ‘అంత్యక్రియల తంతు ముగిసిన మర్నాడు’ అన్న అర్థం వచ్చేలా వేయాలి. అలాగే ‘వాస్తవ సంఘటనల ఆధారంగా’ అన్న పంక్తిని కథ నిజంగా అలాంటిదయితేనే వాడాలి. బరువు కోసం వాడితే అది అబద్ధం.

7.5 తెరమీద తెలుగు అక్షరం

తెలుగు అక్షరం పైకీ కిందికీ విస్తరిస్తుంది. పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి, కింద వత్తులు ఉంటాయి. ‘రెండో తాళం’లో పైవరసకు కింద వత్తులు లేవు గనక రెండు మాటలను దగ్గరగా పేర్చగలిగాం. పేరులో ‘స్క్రీ’ వంటి అక్షరం ఉంటే కింది వరసను తగులుతుంది. అందువల్ల పేర్ల జాబితాలో వరసల మధ్య దూరాన్ని అక్షరం కొలతకు కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టి, వత్తులు ఎక్కువున్న పేరుతో సరిచూడాలి.

కొన్ని కూర్పు సాఫ్ట్‌వేర్లలో అక్షరకూర్పు విధానాన్ని దక్షిణాసియా భాషలకు మార్చకపోతే వత్తులు విడిపోతాయి. ‘దర్శకత్వం’ అన్న మాటలో శ వత్తు, వ వత్తు కిందికి చేరకుండా, పొల్లు అక్షరాల పక్కన విడి అక్షరాలుగా నిలుస్తాయి. ఈ మాట ప్రతి చిత్రంలోనూ ఉంటుంది గనక ముందుగా దాన్నే టైపు చేసి చూడండి. అమరిక మార్చినా సరికాకపోతే, తెలుగును సరిగా చూపే ఇంక్‌స్కేప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో కార్డును తయారుచేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోవచ్చు. ఇంకో చిక్కు ‘స్క్రీన్‌ప్లే’ వంటి మాటల్లో వస్తుంది. న పొల్లు తరవాత విడదీసే గుర్తు వేయకపోతే అది ‘స్క్రీన్ప్లే’ అయి, ప కిందికి దిగిపోతుంది. పాత అను ఫాంటుల్లో టైపు చేసి పంపిన పేర్ల జాబితాను నేరుగా అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా తిరిగి టైపు చేయాలి.

తెర అంచులకు ఆనుకొని అక్షరాలు పెట్టకూడదు. 1920 × 1080 కొలత చిత్రంలో అన్ని వైపులా అయిదు శాతం వదిలితే పక్కల 96, పైనా కిందా 54 పిక్సెళ్లు ఖాళీ ఉంటుంది. పేర్లకు 54 పిక్సెళ్ల అక్షరంతో మొదలుపెట్టి, ఫోన్‌ను చేయిదూరంలో పట్టుకొని చదవండి. లఘుచిత్రాలను చాలామంది చూసేది అక్కడే. తలుపు చెక్క నీడలో ఉన్న చోట తెల్లని అక్షరం నిలుస్తుంది, వెలుగు పడిన చోట కరిగిపోతుంది. అలాంటప్పుడు అక్షరానికి అంచుగీత గీయడంకంటే దాన్ని నీడ ఉన్న చోటికి జరపటం మేలు.

చివరగా, ప్రతి పేరునూ ఆ మనిషి చేతే రాయించుకోండి. ఒకే పేరును దీర్ఘంతో రాసుకునేవారు, హ్రస్వంతో రాసుకునేవారు ఇద్దరూ ఉంటారు. చాలామందికి ఆ చిత్రంలో దక్కే ప్రతిఫలం ఆ పేరు ఒక్కటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
‘దర్శకత్వం’ అన్న మాటను ముందుగా టైపు చేసి చూడటంవల్ల ప్రయోజనం ఏమిటి?

7.6 టైటిళ్లను పరీక్షించి చూడటం

కథ తెలియని ముగ్గురిని ఒక్కొక్కరినిగా పిలవండి. నలభై సెకన్లు చూపించి ఆపేయండి. “బాగుందా?” అని అడగవద్దు. మర్యాదకు అందరూ బాగుందనే అంటారు. ‘ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నారు? ఇంట్లో వాతావరణం ఎలా ఉందనిపించింది?’ అని అడగండి.

‘రెండో తాళం’ విషయంలో ‘ఇంట్లోవాళ్ల మధ్య ఏదో ఉంది, బయటికి చెప్పుకోరు’ అన్న ధోరణిలో జవాబు వస్తే టైటిళ్లు పనిచేసినట్టే. ఇద్దరు ‘దొంగతనం’ అన్నారనుకోండి. అప్పుడు అన్నిటినీ మార్చవద్దు. ముందు శబ్దం తీసేసి మరొకరికి చూపండి. ఇప్పుడు దొంగతనం అనకపోతే తప్పు శబ్దంలో ఉంది. బహుశా తలుపు కిర్రుమనడం ఎక్కువసేపు ఉండి భయపెడుతోంది. శబ్దం లేకుండా కూడా అదే మాట అంటే తప్పు బొమ్మలో ఉంది. నీడ మరీ చిక్కగా ఉండవచ్చు, లేదా చేయి దొంగచాటుగా కదులుతుండవచ్చు. తరవాత తెరను మూసి శబ్దం మాత్రమే వినిపించండి. రెండు తాళాలు పడ్డాయని విన్నవారికి తెలియాలి. ఒక్కటే అనుకుంటే మధ్య నిశ్శబ్దాన్ని మరో సెకను పెంచాలి.

ఆఖరి పరీక్ష టైటిళ్లనుంచి మొదటి సన్నివేశంలోకి మారే చోటు. మన చిత్రంలో దగ్గరయ్యే అడుగులు చీకట్లోనే మొదలై, తల్లి బిందెతో కనిపించేదాకా సాగుతాయి. ఈ అతుకు తెలియకపోతే ప్రేక్షకుడు పేర్లు అయిపోయాయని గమనించకుండానే కథలో ఉంటాడు.

7.7 సారాంశం

టైటిళ్లు కథను చెప్పవు, దాన్ని ఎలా చూడాలో చెబుతాయి. కథాస్వరాన్ని చూపగల, వినిపించగల ఒక వాక్యంగా రాసుకుంటే బొమ్మ, శబ్దం, అక్షరం అందులోనుంచి వస్తాయి. ప్రతి కార్డూ రెండుసార్లు చదివేంతసేపు నిలవాలి. తొలి పాఠ్యం నీతిని, తీర్పును చెప్పకుండా కథకు అవసరమైన ఒక్క సంగతిని చెప్పాలి. తెలుగు వత్తులు, వరసల దూరం, పేర్ల రాత విడిగా సరిచూడాలి. స్వరం కుదిరిందో లేదో కథ తెలియని ప్రేక్షకుడి ఊహ చెబుతుంది.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి – మాదిరి జవాబులు

1. ముఖాలు చూపితే తాళాలు ఎవరు వేశారన్న ప్రశ్నకు ముందే జవాబు దొరుకుతుంది. తల్లితోపాటు ప్రేక్షకుడు ఆ సంగతి తెలుసుకునే అవకాశం పోతుంది.
2. అందులో రెండు వత్తులున్నాయి. అవి విడిపోయి కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌లో అక్షరకూర్పు అమరిక సరిగా లేదని వెంటనే తెలుస్తుంది.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. ‘రెండో తాళం’ ఉదాహరణ ఆధారంగా, కథాస్వరంనుంచి బొమ్మ, శబ్దం, అక్షరం ఎలా నిర్ణయమవుతాయో వివరించండి.
2. మీకు తెలిసిన ఒక సంఘటనను పది నిమిషాల లఘుచిత్రంగా ఊహించి, దాని టైటిళ్లకు సెకన్లవారీ కాలపట్టిక తయారుచేసి, ప్రతి నిర్ణయానికీ కారణం రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. తొలి పాఠ్యాన్ని టైటిళ్లకు ముందు ఉంచడానికీ తరవాత ఉంచడానికీ తేడా ఏమిటి?
2. టైటిళ్లలో తప్పు శబ్దంలో ఉందో బొమ్మలో ఉందో ఎలా కనుక్కుంటారు?